కిరాణా కొట్టులో కవర్లు తగ్గాలంటే

చిన్న కిరాణా కొట్టులో చేతిసంచుల కన్నా ముందు చూడాల్సింది పావుకిలో, అరకిలో చొప్పున సరుకులు తూచి కట్టి ఉంచే పల్చటి కవర్లను. కొట్టు యజమాని మార్పు అక్కడే మొదలుపెట్టాలి. కందిపప్పు, పెసలు, శనగలు గోధుమరంగు కాగితం పొట్లాల్లో నిక్షేపంగా ఉంటాయి. పాత వార్తాపత్రికలు మాత్రం వద్దు, సిరాలోని రసాయనాలు తిండికి అంటుతాయి. ఉప్పు, బెల్లం, చింతపండు దగ్గర కాగితం ఓడిపోతుంది. చెమ్మకు మెత్తబడి చిరుగుతుంది. వాటిని కొనేవాళ్ల డబ్బాల్లోనే వేయాలి. ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టి, వాళ్లు చూస్తుండగా అంకెను సున్నాకు తెచ్చి, ఆ తర్వాతే సరుకు పోయాలి. అలా చేయకపోతే తూకం మీద అనుమానం వస్తుంది, మర్నాడు డబ్బా తేరు.

సంచుల్లో ఒక కనికట్టు ఉంది. గుడ్డలా కనిపించే రంగురంగుల నాన్‌వోవెన్ సంచి కూడా సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. చిన్న ముక్క వెలిగించి చూడండి: నూలు బూడిదవుతుంది, ఇది కరిగి ముద్దకడుతుంది. అసలైన నూలు సంచి ఖరీదెక్కువ కనుక డిపాజిట్ తీసుకుని ఇచ్చి, తిరిగి తెస్తే సొమ్ము వెనక్కివ్వడం మేలు.

ప్లాస్టిక్ స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అడిగినవాళ్లకే కాగితం స్ట్రా ఇస్తే సరిపోతుంది. పాలు, షాంపూ ప్యాకెట్లు మాత్రం కంపెనీ నుంచే అలా వస్తాయి. వాటిని మార్చడం కొట్టు యజమాని చేతిలో లేదు.