వరుసను చదివే యంత్రం, వరుసే యంత్రం

సున్నాలు, ఒకట్లతో ఒక వరుస ఉంది. దానితో లెక్క చేయించడానికి కంప్యూటర్ శాస్త్రంలో రెండు పాత దారులున్నాయి. రెండింటికీ కావలసింది ఒక చిన్న పట్టికే. ఆ పట్టిక దేన్ని చూస్తుంది, దేన్ని మారుస్తుంది అన్నచోట దారులు విడిపోతాయి.

మొదటిది వరుసను చదివే యంత్రం. ఫైనైట్ ఆటోమేటన్ అంటారు. ఎడమ చివర మొదలై, ఒక్కో అంకెనూ ఒక్కసారే చదువుతూ కుడికి సాగుతుంది. వరుసలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసి సంఖ్యలో ఉన్నాయా తేల్చాలంటే దీనికి ‘సరి’, ‘బేసి’ అనే రెండు స్థితులు చాలు. ‘సరి’లో మొదలవుతుంది. ఒకటి కనిపిస్తే స్థితి మారుతుంది, సున్నా అయితే మారదు. 01101 చదివించండి: సరి, బేసి, సరి, సరి, బేసి. చదవడం పూర్తయ్యేసరికి జవాబు సిద్ధం. వరుస మాత్రం మొదట ఎలా ఉందో చివరా అలాగే ఉంది. మారిందల్లా యంత్రం స్థితి.

రెండోది ఏకమితీయ సెల్యులార్ ఆటోమేటన్. ఇందులో చదివే యంత్రం విడిగా లేదు, గడుల వరుసే యంత్రం. ప్రతి గడీ తన ఎడమ పక్కను, తనను, కుడి పక్కను చూసి తన కొత్త విలువ నిర్ణయించుకుంటుంది. మూడు గడులకు 8 కలయికలు, ఒక్కోదానికి సున్నానో ఒకటో జవాబు. అలా మొత్తం 256 సూత్రాలు. 111 నుంచి 000 దాకా వచ్చే జవాబులను వరసగా రాసి, దాన్ని బైనరీ సంఖ్యగా చదివితే అదే సూత్రం నంబరు. స్టీఫెన్ వోల్‌ఫ్రమ్ 1983లో పెట్టిన పద్ధతి ఇది. ‘పక్క గడులు రెండూ వేరువేరైతే ఒకటి, ఒకేలా ఉంటే సున్నా’ అనే సూత్రానికి 01011010 వస్తుంది, అంటే 90.

ఇక్కడ కీలకం ‘అందరూ ఒకేసారి’ అన్న షరతు. ప్రతి గడీ పక్కవాటి పాత విలువలనే చూడాలి. కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు తరచూ తప్పేది ఇక్కడే. వరుసకు ప్రతి తీసుకోకుండా, ఎడమ నుంచి కుడికి ఉన్నచోటే ఇలా మార్చేస్తారు:

```
row[i] = row[i-1] ^ row[i+1]
```

నడిమి గడిలో ఒక్క ఒకటి పెట్టి, రెండు చివర్లనూ సున్నాగానే ఉంచి, 90వ సూత్రాన్ని ఒక అడుగు నడిపిద్దాం:

```
మొదట     0001000
సరైనది    0010100
తప్పుది   0011110
```

సరైన వరుసలో ఒకటి ఇటొకటి, అటొకటిగా చీలింది. తప్పు వరుసలో ఒకట్లు కుడి అంచు దాకా పరుగెత్తాయి. కారణం సులువే: i వద్దకు వచ్చేసరికి row[i-1]లో ఉన్నది పాత విలువ కాదు, ఇప్పుడే రాసిన కొత్తది. దానికి కుడి పక్క అంకెను కలిపితే వచ్చేది అంతవరకు చూసిన ఒకట్లు సరా, బేసా అన్న లెక్క. పైన చూసిన రెండు స్థితుల యంత్రం చేసేది సరిగ్గా ఇదే! సెల్యులార్ ఆటోమేటన్ రాయబోయి వరుసను చదివే యంత్రాన్ని రాసేశామన్నమాట. ఈ రెండు పద్ధతుల తేడాను ఇంత స్పష్టంగా పట్టిచ్చే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు.

తప్పును గుర్తించడానికి రెండు ఆనవాళ్లున్నాయి. 90వ సూత్రానికి ఎడమ, కుడి భేదం లేదు కాబట్టి ఒక్క ఒకటితో మొదలైన బొమ్మ ఎప్పుడూ రెండువైపులా సమానంగా పెరగాలి. రెండోది వేగం. ఒక గడిలోని మార్పు ఒక అడుగులో ఒక్క గడి దూరమే పోగలదు, పది అడుగుల్లో పది గడులకు మించదు. ఒకే అడుగులో అంచుకు చేరిందంటే ఎక్కడో కొత్త విలువ దొంగచాటుగా చొరబడిందని అర్థం. సరిగ్గా నడిపితే వరుస కింద వరుసగా త్రిభుజంలో త్రిభుజాలు పుడతాయి. మన ఛందశ్శాస్త్రంలోని మేరుప్రస్తారంలో బేసి సంఖ్యలున్న చోట్లను మాత్రమే గుర్తుపెట్టినా ఇదే బొమ్మ వస్తుంది.

రెండు పద్ధతుల శక్తిలోనూ తేడా పెద్దదే. ఒకట్లు ఎక్కువా, సున్నాలు ఎక్కువా అని అడిగితే చదివే యంత్రం ఓడిపోతుంది. తేడా ఎంత పెరిగితే అంత గుర్తుంచుకోవాలి, దాని దగ్గరేమో పరిమితమైన స్థితులే ఉన్నాయి. సెల్యులార్ ఆటోమేటన్‌లో మారుతూ పోయే వరుసే జ్ఞాపకం, అది ఎంత పొడవైనా ఉండొచ్చు. ఎనిమిది జవాబుల పట్టికే ఉన్న 110వ సూత్రం, తగిన ప్రారంభ వరుస ఇస్తే, ఏ కంప్యూటర్ చేసే లెక్కనైనా చేయగలదని మాథ్యూ కుక్ నిరూపించాడు. ఆ నిరూపణ 2004లో అచ్చయింది.

అయితే ఆ ప్రారంభ వరుస రెండువైపులా అంతం లేకుండా సాగాలి, అందులో ఒకే నమూనా మళ్లీ మళ్లీ రావాలి. పైగా చదివే యంత్రానికి వరుస అయిపోవడమే ముగింపు కాగా, ఈ గడులకు లెక్క పూర్తయిందని చెప్పే స్థితి ఏదీ లేదు. జవాబు ఏ గడుల్లో, ఏ నమూనాగా కనిపిస్తుందో ముందే నిర్ణయించుకుని, బయటి నుంచి మనమే కనిపెట్టి ఉండాలి.