ఫోటోలో బ్రాకెట్టు పోతే నష్టం కాస్తా లాభమైపోద్ది

విశాఖ ఆటోనగర్‌లో ఇనప పనులు చేసే ఓ చిన్న కంపెనీలో లెక్కలు రాస్తుంటాను. స్టీల్‌ప్లాంట్‌కి సరుకు అప్పుమీద ఇయ్యాలా వొద్దా అని మేనేజరుగారు తేల్చుకోవాలి. ప్లాంటు 2023-24 వార్షిక నివేదిక పేజీలు ఫోన్లో ఫోటోలు తీసి పంపేరు. ‘‘ఇదంతా నాను చదవలేను గానీ, ఒక్క కాయితంలో చెప్పు. మన బిల్లు టయానికి వొస్తాదా రాదా?’’ అన్నారు.

ఆ ప్రశ్న దగ్గరే సగం పని అయిపోనాది. అప్పుమీద సరుకిచ్చీవోడికి టర్నోవరు ఎంతన్నది ముఖ్యం కాదు, వాళ్ల దగ్గర డబ్బు ఆడతందా లేదా అన్నదే ముఖ్యం. అందుకే నివేదిక ముందు పేజీల్లో పెద్దక్షరాలతో వేసే అంకెల్ని నాను ముట్టుకోలేదు. నేరుగా లాభనష్టాల పేజీకి, ఆస్తిఅప్పుల పట్టీకి పోయేను.

ఫోటోలతో వొచ్చే తంటా ఇక్కడే మొదలవుద్ది. లెక్కల పుస్తకాల్లో నష్టాన్ని మైనస్ గుర్తుతో రాయరు, అంకెని బ్రాకెట్లో పెడతారు. ఆ ఏడాది నష్టం (4,848.86), ముందేడాదిది (2,858.74). పుస్తకం మడతలో బ్రాకెట్టు పోయిందనుకోండి, అది 4,848.86 కోట్ల లాభంలా కనిపిస్తాది. పేజీ పైమూల చిన్నక్షరాల్లో ‘రూ. కోట్లలో’ అనో ‘లక్షల్లో’ అనో ఉంటాది. ఫోటో తీసినోళ్లు ముందు కోసీసేది ఆ మూలనే. అది లేకపోతే అంకె వందరెట్లు అటో ఇటో తేలిపోద్ది. అనుమానం వొచ్చిన పేజీని మళ్లీ తీయించాలి తప్ప, ‘ఇలగే ఉంటాదిలే’ అని రాయకూడదు.

అంకె సరిగ్గా చదివేమో లేదో పట్టుకోడానికి ఓ దారి ఉంది. ముందేడాది నెట్‌వర్త్‌లోంచి ఈ ఏడాది నష్టం తీసీండి. కొత్త పెట్టుబడేదీ రాకపోతే, వొచ్చింది ఈ ఏడాది నెట్‌వర్త్‌కి దగ్గరగా ఉండాలి. చాలా తేడా ఉంటే ఎక్కడో అంకె తప్పు చదివేమని అర్థం.

ఇక పసుపు గీత కిందకి వొచ్చిన అంకెలు మూడే. 2024 మార్చి 31 నాటికి నెట్‌వర్త్ మైనస్ 4,538 కోట్లు. అంటే ఉన్న ఆస్తులన్నీ పుస్తకంలో రాసిన ధరకే లెక్కగట్టినా అప్పులు తీరవు. ఏడాదిలోపు చేతికొచ్చే ఆస్తులు 7,686.24 కోట్లు. ఏడాదిలోపు కట్టాల్సిన బాకీలు 26,114.92 కోట్లు. ఈ రెండూ భాగించి కాయితం మీద ఇలగ రాసేను: ‘రూపాయి కట్టాల్సిన చోట చేతిలో 29 పైసలు.’ మేనేజరుగారు అన్నిటికన్నా ముందు చదివింది ఆ వాక్యమే.

నాకు అందిన ఫోటోల్లో లేని పేజీ ఒకటుంది, మాకు గావల్సిందే అది. లెక్కల వెనకుండే నోట్సులో సరఫరాదార్లకి ఇయ్యాల్సిన బాకీల పట్టీ ఉంటాది. చిన్న కంపెనీల బాకీలు విడిగా, మిగిలినోళ్లవి విడిగా చూపిస్తారు. ఏడాది లోపువి, రెండేళ్లవి, మూడేళ్లు దాటినవి అని వయసుల వారీగా గళ్లుంటాయి. చిన్న కంపెనీలకి 45 రోజుల్లోపు కట్టాలని చట్టం ఉంది గదా, అది నడుస్తందో లేదో ఆ గళ్లలోనే తెలుస్తాది. ఆ పేజీ లేకుండా కాయితం ఇచ్చీవొచ్చు గానీ, ‘ఈ పేజీ అందలేదు’ అని పైనే రాయాలి. నాను రాసేను. మర్నాడు ఫోటో వొచ్చింది.

ఇంకోటుంది. ఆ నివేదిక 2024 మార్చి దగ్గర ఆగిపోద్ది. తర్వాత జూన్‌లో ప్లాంటు అప్పు వాయిదాలు, వడ్డీ కట్టలేకపోయింది. 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ చెప్పింది. పేపర్లన్నీ ఆ పెద్దంకెనే వేసేయి. విడదీసి చూస్తే అందులో కొత్త పెట్టుబడి 10,300 కోట్లు. మిగతా 1,140 కోట్లు పాత అప్పుని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చడమే. అప్పు బరువు తగ్గుద్ది గానీ గల్లాపెట్టిలోకి కొత్త రూపాయి రాదు. అందుకని కాయితం అడుగున, నివేదిక అంకెలతో కలపకుండా గీత గీసి, ‘తర్వాత జరిగింది’ అని రెండు వాక్యాలు పెట్టేను.

మేనేజరుగారు కాయితం రెండుసార్లు చదివేరు. సరుకు ఇద్దామనే అన్నారు గానీ, ఒకేసారి కాదు. మొదటి లారీ బిల్లు చేతికొచ్చేకే రెండోది పంపుదామన్నారు.