హాట్‌స్పాట్ కూడా వైఫైయే

రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్. ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. బుధవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే టిఫిన్ వేళకే డేటా ఖాళీ. ఆ రోజే ఎందుకంటే, మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ అప్‌డేట్లు వదులుతుంది. అమెరికాలో పొద్దున పది గంటలకు వదిలితే మనకప్పుడు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మర్నాడు నెట్ తగలగానే డౌన్‌లోడ్ మొదలవుతుంది.

‘వైఫై ఉంటేనే దించుకో’ అని ఫోన్లో పెట్టుకుంటాం కదా, ఆ నియమం ఇక్కడ పనికిరాదు. ల్యాప్‌టాప్‌కి మన హాట్‌స్పాట్ కూడా మామూలు వైఫైలాగే కనిపిస్తుంది. వెనక ఉన్నది లెక్కగట్టిన డేటా అని మనమే చెప్పాలి. విండోస్ 11లో హాట్‌స్పాట్‌కి కలిసి ఉన్నప్పుడు Settings, Network & internet, Wi-Fi మీదుగా ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి Metered connection ఆన్ చేయాలి. ఇక పెద్ద అప్‌డేట్లు మన అనుమతి కోసం ఆగుతాయి. అత్యవసరమైనవి కొన్ని ఎలాగూ వస్తాయి, వాటితో పేచీ లేదు. ఈ సెట్టింగ్ హాట్‌స్పాట్ పేరుతో ముడిపడి ఉంటుంది. పిల్లలు సరదాకి ఆ పేరు మారిస్తే విండోస్‌కి అది కొత్త నెట్‌వర్క్, కథ మళ్లీ మొదటికి. పైగా ఇది విండోస్ మాట వినే ప్రోగ్రాములకే. ఆటలు దించే యాప్‌లు, బ్రౌజర్లు దీన్ని పట్టించుకోకపోవచ్చు. వాటి సెట్టింగుల్లోకి విడిగా వెళ్లాల్సిందే.

సరే, ఆపాం. ఎప్పటికైనా దించాలిగా! భద్రతా లోపాలకు వేసే మాట్లవి, నెలల తరబడి వాయిదా వేయకూడదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్లకు అర్ధరాత్రి సరిహద్దు కలిసొస్తుంది. చాలా ప్లాన్లలో రోజువారీ కోటా పన్నెండింటికి మారుతుంది, మిగిలింది మురిగిపోతుంది. రాత్రి పదకొండుకి ఒక జీబీ మిగిలిందనుకుందాం. అప్‌డేట్ ఒకటిన్నర జీబీ. అప్పుడే Windows Update పేజీ తెరిచి డౌన్‌లోడ్ నొక్కితే, ఓ మోస్తరు సిగ్నల్‌కి పావుగంట, ఇరవై నిమిషాల్లో ఆ జీబీ అయిపోతుంది. తర్వాత చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ నడకన మిగతా అర జీబీకి పదిహేడు గంటలు పడుతుంది కాబట్టి హాట్‌స్పాట్ కట్టేయడమే మేలు. పన్నెండు దాటాక మళ్లీ ఆన్ చేస్తే సాధారణంగా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. కొత్త రోజు కోటాలో పోయేది అర జీబీయే.

పడుకునే ముందు హాట్‌స్పాట్ ఆపేయండి. డౌన్‌లోడ్ అయిపోయాక ఇన్‌స్టాల్‌కి నెట్‌తో దాదాపు పని ఉండదు, ఛార్జర్ పెట్టి రీస్టార్ట్ నొక్కితే చాలు.