ఉక్కు కార్మికుడి చెవికి ఏ పాట?

ఆపరేషనయిన మనిషికి ఏ రాగం వినిపించాలని చాలామంది అడుగుతుంటారు. కడుపుకి ఒక రాగం, బీపీకి ఒకటి, నిద్రకి ఒకటి అంటూ పట్టీలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటికి ఆధారం లేదు. 2015లో లాన్సెట్ పత్రిక 73 అధ్యయనాల్ని, దాదాపు 7 వేలమంది రోగుల్ని కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. సంగీతం విన్నవాళ్లలో నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పిమందుల వాడకమూ కొంత తగ్గింది. ఆస్పత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. ఫలానా సంగీతమే మందని ఎక్కడా తేలలేదు. రోగి తానే ఎంచుకున్న పాటకి కాస్త మొగ్గు కనిపించింది, అంతే.

రాగం సంగతి పక్కనపెట్టి మన విశాఖలో ముందుగా చూడాల్సింది చెవిని. స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులోనో, పోర్టులో ఇనుప ఖనిజం దించేచోటో జీవితమంతా పనిచేసి రిటైరైన ఒకాయన గాల్‌బ్లాడర్ తీయించుకుని మంచం మీద ఉన్నాడనుకుందాం. కూతురు ఫోన్లో నెమ్మదిగా పాట పెట్టింది. "వినబడట్లేదమ్మా" అన్నాడు. రెండు గీతలు పెంచింది. "అబ్బ, ఆపేయ్, తలనొప్పి" అన్నాడు. ఇంట్లోవాళ్లకి అది చాదస్తంలా కనిపిస్తుంది. చాదస్తం కానే కాదు.

లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. వాటిలో బయటి వరసవి చిన్న శబ్దాన్ని పెంచి అందిస్తాయి, లోపలి వరసవి దాన్ని మెదడుకి పంపుతాయి. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల షిఫ్టుకి 90 డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటాయి. ఏళ్ల తరబడి అంత మోతలో ఉంటే ముందు పోయేవి బయటి వరస కణాలే, అదీ 4 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల. పోయినవి మళ్లీ మొలవవు. చిన్న శబ్దాన్ని పెంచేవి లేవు గనక అది అందదు. పెద్ద శబ్దానికి ఆ సాయం అక్కర్లేదు గనక అది ఎప్పటిలాగే గట్టిగా తగులుతుంది. అరిగిన క్లచ్ ఉన్న స్కూటరులా అన్నమాట: వదులుతూ వదులుతూ ఉంటే కదలదు, ఇంకాస్త వదిలేసరికి ఒక్క ఉదుటున దూకుతుంది. అటు వినబడకపోవడానికీ, ఇటు భరించలేకపోవడానికీ మధ్య ఆయనకి మిగిలిన జాగా చాలా ఇరుకు. ఆ ఇరుకులో నడిచే పాట కావాలి. ఉన్నట్టుండి రేస్ ఇచ్చే పాట పనికిరాదు.

ఫోన్ స్పీకరు సరిగ్గా ఇక్కడే దెబ్బతీస్తుంది. అంత చిన్న స్పీకరు మంద్ర ధ్వనుల్ని పలికించలేదు. మిగిలేది తారస్థాయి, తాళాల గణగణ, వయొలిన్ల గుంపు. స, శ, చ లాంటి హల్లులు పలికే మేర ఆయన చెవిలో ఇప్పటికే దెబ్బతిని ఉంది. మాట తెలియక వాల్యూమ్ పెంచమంటాడు, పెంచగానే వయొలిన్లు గుచ్చుకుంటాయి.

అందుకని చిన్న బ్లూటూత్ స్పీకరు తెచ్చి తలగడకి మూరెడు దూరంలో పెట్టండి. మగ గొంతు, వీణ, ఒకటి రెండు వాద్యాలతో సాగే లలితగీతం ఇలాంటి చెవికి అనుకూలం. ఘంటసాల మంద్రంలో పాడినవి, సాలూరి రాజేశ్వరరావు మెత్తగా కట్టిన వరసలు, చిట్టిబాబు వీణ ఈ కోవలోకి వస్తాయి. ఆయనకి తెలిసిన పాటైతే ఇంకా మేలు, వినబడని హల్లుని జ్ఞాపకమే పూరిస్తుంది. సుశీల, జానకి పాటలే కావాలంటే అవే పెట్టండి, ఈక్వలైజరులో పై స్థాయిని కొంచెం దించి. ఘంటసాల గొంతే కదా అని భగవద్గీత మాత్రం వద్దు. గొప్ప గానమే, కానీ మన ఊళ్లలో దాన్ని శవయాత్ర వాహనాల మీదే ఎక్కువగా వింటున్నాం. అది మొదలవగానే పక్క మంచం మనిషి కూడా ఉలిక్కిపడతాడు.

కుట్లున్న పొట్టకి నవ్వు తెప్పించే పాటా, వెక్కి ఏడిపించే పాటా రెండూ నొప్పే. పాట హుషారుగా ఉండాలన్నా దరువు అక్కర్లేదు, కాలి బొటనవేలు కదిలితే చాలు.

పాటలు ముందే దింపుకుని నెట్ ఆపేయండి. మెత్తటి పాట వెనకాలే పడే ప్రకటనంత క్లచ్ వదిలేసే దెబ్బ ఇంకోటి లేదు. అరగంట వినిపించి ఆపి చూడండి. నుదురు ముడిపడినా, ముఖం అటు తిప్పుకున్నా చాలనే అర్థం. ఇయర్‌ఫోన్ పెడితే ఒక్క చెవికే పెట్టాలి, నర్సు పిలుపు వినబడాలి. చెవికో తలకో ఆపరేషనయితే డాక్టరుని అడగకుండా అదీ పెట్టొద్దు. గుండె దడ, జ్వరం, పెరుగుతున్న నొప్పి కనిపిస్తే పాట మార్చుకుంటూ కూర్చోకుండా నర్సుని పిలవండి.