తెర మీద తెల్లన, ఆల్బమ్‌లో నల్లన

పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ తిప్పుతూ తిప్పుతూ తలంబ్రాల షీటు దగ్గర ఆగింది. "మా అమ్మాయి ఇంత నల్లగా పడిందేంటి బాబూ? లైట్లు సరిగ్గా పెట్టలేదా?" అంది. లైట్లు పెట్టాం. రాత్రి రెండున్నర ముహూర్తమైనా మండపం పట్టపగల్లా ఉంది. నా మానిటర్ మీద ఆ ఫొటో కళకళలాడింది కూడా. ఆల్బమ్‌లో మాత్రం మధుపర్కాలు నాలుగుసార్లు నీలిమందు తప్పిన పంచెల్లా ఉన్నాయి. పూలజడలో పూలు కనిపిస్తున్నాయి కానీ జడ వెనక చీకట్లో కలిసిపోయింది.

ఇలాంటప్పుడు ప్రతి ఫొటోగ్రాఫరూ చేసేదే నేనూ చేశాను. ల్యాబ్‌కి ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. అవతలి కుర్రాడు నెమ్మదిగా, "మేం కరెక్షన్ ఏమీ పెట్టలేదు సార్. ఫైలే డల్‌గా ఉంది" అన్నాడు. నమ్మలేదు. ఫైలు మళ్లీ తెరిచాను, బ్రహ్మాండంగా ఉంది. అప్పుడు కంటిని పక్కన పెట్టి, ఫొటోషాప్‌లో కర్సర్ కింద రంగు అంకెలు చూపించే Info ప్యానెల్ తెరిచాను. అందులో 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. బాగా వెలుగు పడ్డ తెల్లబట్ట 240 దరిదాపుల్లో ఉండాలి. మధుపర్కం మీద కర్సర్ పెడితే 205 చూపించింది. అమ్మాయి చెంప 170 ఉండాల్సింది 145 దగ్గర ఉంది. కెమెరా భాషలో చెప్పాలంటే ఫొటో మొత్తం అర స్టాప్ కిందికి దిగిపోయింది. దాన్ని దించింది ల్యాబ్ కాదు, నేనే.

ఎలా దించానంటే, అంతకు నెల ముందే కొత్త మానిటర్ కొన్నాను. డబ్బాలోంచి తీసి, కరెంటు పెట్టి, పని మొదలుపెట్టాను. షోరూంలో పది తెరల మధ్య తన తెరే కంటికి ఆనాలని తయారీదారు బ్రైట్‌నెస్‌ని పైకి పెట్టి పంపుతాడు. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరుకు ఒక క్యాండెలా అయితే ఒక నిట్. మామూలు మానిటర్లు 250 నుంచి 350 నిట్ల దాకా వెలుగుతాయి. నాది 300 పైమాటే. అంత వెలుగులో తెల్లటి మధుపర్కం కంటికి కొట్టినట్టు ఉంటుంది. 'అమ్మో, తెలుపు కాలిపోయింది' అనుకుని స్లైడర్ కిందికి లాగాను. బట్టతో పాటు ముఖమూ దిగింది, జడా దిగింది. కానీ తెర వెలుగు ఎక్కువ కాబట్టి దిగిన ముఖం కూడా నాకు చక్కగానే కనిపించింది.

మన కన్ను లైట్ మీటర్ కాదు. ఎదురుగా ఉన్నదాంట్లో అన్నిటికన్నా తెల్లటిది ఏదో దాన్ని తెలుపు అనుకుని, మిగతావన్నీ దాన్ని బట్టి లెక్కేసుకుంటుంది. ఎండలోంచి ఇంట్లోకి వస్తే కాసేపు ఏమీ కనిపించకపోవడం, తర్వాత అంతా మామూలుగా అనిపించడం ఇందువల్లే. మానిటర్ ముందు గంట కూర్చుంటే ఆ మానిటర్ తెలుపే మన కంటికి తెలుపు. ఇక్కడ జనం పొరబడేది ఒకటుంది. మానిటర్ బ్రైట్‌నెస్ బటన్ ఎంతలో ఉందో ఫైలుకి తెలియదు. ఫైల్లో ఉండేవి అంకెలు మాత్రమే, ప్రింటర్ చదివేదీ ఆ అంకెలనే.

ఇది సగం కథే. ఆ రోజు ఆల్బమ్‌ని వాళ్ల ఇంటి హాల్లో, సాయంత్రం, ఒక్క ట్యూబ్‌లైట్ కింద చూశాం. కాగితానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడ్డ వెలుగులోంచే కొంత మన కంటికి తిప్పి పంపుతుంది. పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. తెల్ల కాగితం పడ్డ వెలుగులో సుమారు 90 శాతం వెనక్కి పంపుతుంది, అదీ అన్ని వైపులకూ చెదిరి. కాబట్టి లక్స్‌ని 0.9తో గుణించి 3.14తో భాగిస్తే కాగితం ఎన్ని నిట్లు వెలుగుతుందో వస్తుంది. హాల్లో 100 లక్స్ ఉందనుకుంటే కాగితం తెలుపు 29 నిట్లు. నా తెర తెలుపు 300. అంటే ఒకే ఫొటోని పదింతలు తేడా ఉన్న రెండు వెలుగుల్లో చూసి, నల్లగా ఉందని ల్యాబ్ వాణ్ణి తిట్టాను.

ప్రింటు తప్పా, చూసే చోటు తప్పా అని తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. పొద్దున పూట ఆ షీటుని ఎండ నేరుగా తగలని వరండాలోకి తీసుకెళ్లి, పక్కన తెల్ల కాగితం పెట్టి చూడండి. అక్కడ బాగుంటే ప్రింటు మంచిదే, ఇంట్లో వెలుగు చాలడం లేదు. నా షీటు వరండాలో కొంత తేరుకుంది. జడ కనిపించింది, ముఖం నయమనిపించింది. అయినా కాగితం పక్కన మధుపర్కం మాసినట్టే ఉంది. అంటే రెండు తప్పులూ ఉన్నాయి.

ప్రింటు పని చేసేవాళ్లు మానిటర్ తెలుపుని సాధారణంగా 80 నుంచి 120 నిట్ల మధ్య పెట్టుకుంటారు. ఈ అంకె ఆకాశంలోంచి ఊడిపడలేదు. ప్రింట్లని ఏ వెలుగులో చూడాలో చెప్పే ఐఎస్ఓ 3664 అనే అంతర్జాతీయ ప్రమాణం మామూలుగా ప్రింటుని పరిశీలించడానికి 500 లక్స్ చెబుతుంది. పై లెక్క ప్రకారం 500 లక్స్ కింద కాగితం 143 నిట్లు. ఇళ్లలో, చిన్న స్టూడియోల్లో అంత వెలుగు ఉండదు. బల్ల మీద 350 లక్స్ ఉంటే కాగితం సరిగ్గా 100 నిట్లు అవుతుంది. కాబట్టి 100 మంచి అంకె కావచ్చు, కాకపోవచ్చు. మీ బల్ల మీద కాగితం ఎంత వెలుగుతుందో మీ తెర అంతే వెలగాలి, అదే అసలు కొలత.

దాన్ని కొలవడానికి తెరకి తగిలించే క్యాలిబ్రేటర్ ఉంటే మంచిదే. అయితే క్యాలిబ్రేట్ చేశాం కదా అని నిశ్చింతగా ఉండే మిత్రులకు ఒక మాట. అది మొదట్లో 'వెలుగు ఎంత కావాలి' అని అడుగుతుంది. అక్కడ ఏమీ మార్చకుండా ముందుకి నొక్కేస్తే రంగులు సరిచేసి వెలుగుని పాత చోటే వదిలేయవచ్చు. అప్పుడు రంగులు కుదిరిన నల్ల ప్రింటు వస్తుంది.

క్యాలిబ్రేటర్ లేనివాళ్ల దగ్గర కెమెరా ఎలాగూ ఉంటుంది. నేను చేసింది ఇది. మానిటర్‌ని అరగంట వెలగనిచ్చాను. గదిలో వెలుగు ఎంత ఉంటే తెరని అంత పెంచే ఆటో బ్రైట్‌నెస్, రాత్రిపూట తెరని పసుపు చేసేవి, అన్నీ ఆపేశాను. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి ISO 100, F5.6కి బిగించాను. ప్రింట్లు చూసే బల్ల మీద, దీపం కింద, ఏ గీతా లేని తెల్ల కాగితం పెట్టి ఫ్రేమంతా అదే నిండేలా పట్టుకున్నాను. లోపలి మీటరు సున్నాకి వచ్చేదాకా షట్టర్ తిప్పితే 1/25 దగ్గర ఆగింది. ఇప్పుడు అదే కెమెరాతో మానిటర్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి చూశాను. చారలు పడకుండా ఫోకస్ కాస్త చెదరగొట్టాను. మీటరు 1/80 అంది. తెర కాగితం కన్నా మూడింతలు వెలుగుతోంది. షట్టర్ డయల్ మీద ఐదు క్లిక్కుల తేడా.

షట్టర్‌ని మళ్లీ 1/25కి తెచ్చి అక్కడే ఉంచి, మానిటర్ కింద బటన్లతో బ్రైట్‌నెస్ తగ్గిస్తూ పోయాను. 100లో ఉన్నది 24కి వచ్చేసరికి మీటరు సున్నా చూపింది. ISO 100, F5.6, 1/25 అంటే సుమారు 100 నిట్లు. కెమెరాను బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కానీ, కాగితాన్నీ తెరనీ ఒకే కెమెరా కొలిచింది కనుక ఆ తేడా మనల్ని ఏమీ చేయదు. ఇక్కడ ముట్టుకోవాల్సింది బ్రైట్‌నెస్ ఒక్కటే. కాంట్రాస్ట్ తగ్గించినా, కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు స్లైడర్ తగ్గించినా వెనక దీపం తగ్గదు. చిత్రంలోని మెట్లు తగ్గి ఆకాశం లాంటి చోట్ల పట్టీలు కనిపిస్తాయి.

ఆ రోజంతా తెర మసకబారినట్టు అనిపించింది, అబద్ధం చెప్పను. మా దగ్గర పనిచేసే కుర్రాడు మానిటర్ పాడైందన్నాడు. రెండో రోజుకి కళ్లు సర్దుకున్నాయి. అప్పుడు తలంబ్రాల ఫైలు తెరిస్తే తొలిసారి ఆ తల్లికి కనిపించినట్టు కనిపించింది. ఎవరూ చెప్పకుండానే స్లైడర్ పైకి తోశాను. మధుపర్కం 240 దాకా, చెంప 170 దాకా వచ్చాయి. ఆల్బమ్ మొత్తం పంపకుండా ముందు ఆ ఒక్క షీటు ప్రింట్ తెప్పించి బల్ల మీద చూసుకుని, తర్వాతే మిగతావి పంపాను.

తెర తగ్గిస్తే అన్నీ కుదురుతాయని కాదు. తెర నలుపు కాగితం నలుపు కన్నా ఎప్పుడూ లోతే, మ్యాట్ కాగితమైతే మరీను. నల్ల కోటు మీది మడతలు తెర మీద కనిపించి ప్రింటులో కనిపించకపోవడం కొంత కాగితం స్వభావం. నీడల్ని కొద్దిగా పైకి ఎత్తడం తప్ప దారి లేదు. కొన్ని తెరలు ఎంత తగ్గించినా 100 నిట్ల కిందికి రావు. అలాంటప్పుడు తెరతో కుస్తీ మాని బల్ల మీద దీపం పెంచడం సులువు. చీకటి గదిలో కూర్చుని తెరని మరీ తగ్గిస్తే కథ అడ్డం తిరిగి ప్రింట్లు వెలిసిపోయినట్టు వస్తాయి.

'పంపేముందు ఫైలంతా ఒక ఇరవై పెంచెయ్యండి' అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. గోడకి తగిలించే పెద్ద ఫొటో మసక హాల్లో ఉండబోతోందని తెలిసి, దాని కోసమే కాస్త పెంచితే అది తెలివైన పనే. అంతకుమించి అలవాటు చేసుకుంటే మానిటర్ మారిన రోజు ఆ ఇరవై పనికిరాదు, ఎంత పెంచాలో మళ్లీ చీకట్లో తడుముకోవాలి.

ఆ ఆల్బమ్‌లో పదిహేడు షీట్లు మళ్లీ ప్రింట్ చేయించాను, ఖర్చు నాదే. ల్యాబ్ కుర్రాడికి ఫోన్ చేసి క్షమించమన్నాను. మానిటర్ బటన్ల పైన చిన్న కాగితం ముక్క అంటించి 24 అని రాశాను. రాత్రి మ్యాచ్ చూడటానికి మావాడు పెంచుకుంటే పెంచుకోవచ్చు, పొద్దున నేను వచ్చేసరికి మళ్లీ 24లో ఉండాలి.