పాచిక విప్పిన గుణకం

ఒక రాశిని వీలైనంత పెద్దది చేయాలి, కానీ ఒక షరతు తప్పకూడదు. ఇలాంటి లెక్కలకు లాగ్రాంజ్ చూపిన దారిలో ప్రతి షరతుకూ ఒక కొత్త అజ్ఞాతరాశి చేరుతుంది. దాని పేరు గుణకం. పాఠ్యపుస్తకాలు దాన్ని తాత్కాలిక సాయంగానే చూపిస్తాయి: సమీకరణాలు రాయడానికి తెచ్చుకుంటాం, జవాబు రాగానే వదిలేస్తాం. ఇది గుణకానికి అన్యాయమని నా వాదన. అది పుట్టిన తీరు చూసినా, అంకెలతో దాన్ని సాధించే తీరు చూసినా, ఆ లెక్కలో అందరికంటే ఎక్కువ చెప్పేది గుణకమే. టురిన్‌లో పుట్టిన జోసెఫ్ లూయీ లాగ్రాంజ్ 1788లో పారిస్‌లో అచ్చయిన తన యాంత్రికశాస్త్ర గ్రంథంలో గుణకాన్ని వాడింది గరిష్ఠాల కోసం కాదు. తీగ మీద జారే పూస తీగను వదలకూడదన్నది షరతు. ఆ షరతుకు చేర్చిన గుణకం, పూసను తీగ ఎంత బలంతో పట్టి ఉంచుతుందో చెబుతుంది. అంటే మొదటి నుంచీ దానికి భౌతికమైన అర్థం ఉంది. 1797లో ఆయన అదే ఉపాయాన్ని గరిష్ఠ, కనిష్ఠ లెక్కలకు విస్తరించాడు. 1877లో బోల్ట్‌జ్‌మన్ వాయు అణువుల మధ్య శక్తి ఎలా పంపకమవుతుందో లెక్కించినప్పుడు, మొత్తం శక్తి మారకూడదన్న షరతుకు వచ్చిన గుణకం చివరికి ఉష్ణోగ్రతకు విలోమంగా తేలింది. ఉష్ణోగ్రతను ఎవరు పారేస్తారు?

ఈ వరుసలో అన్నిటికంటే విడమరిచి చూడదగ్గది ఒక పాచిక లెక్క. అమెరికా భౌతికశాస్త్రవేత్త ఎడ్విన్ జేన్స్ దాన్ని 1962లో బ్రాండైస్ విశ్వవిద్యాలయ ఉపన్యాసాల్లో ముందుపెట్టాడు. ఒక పాచికను చాలాసార్లు వేశారు. సరైన పాచికకు సగటు 3.5 రావాలి, దీనికి 4.5 వచ్చింది. ఇంతకుమించి మనకేమీ తెలియదు. ఆరు ముఖాలకూ ఎంతెంత సంభావ్యత ఇవ్వాలి? తెలియని విషయం తెలిసినట్టు నటించకుండా ఉండాలంటే, సగటు 4.5 వచ్చే పంపకాలన్నిటిలో ఎంట్రోపీ అత్యధికంగా ఉన్నదాన్ని ఎంచుకోవాలన్నది జేన్స్ సూత్రం. ఎంట్రోపీ అంటే ఇక్కడ అనిశ్చితికి కొలత. ప్రతి సంభావ్యతనూ దాని సహజ సంవర్గమానంతో గుణించి, అన్నీ కూడి, గుర్తు మారిస్తే అది వస్తుంది. షరతులు రెండు: సంభావ్యతల మొత్తం 1, సగటు 4.5. రెండింటికీ చెరో గుణకం చేర్చి, ఒక్కో సంభావ్యతను బట్టి అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే, ఆరు సమీకరణాలూ ఒకే రూపంలోకి వస్తాయి. మొత్తం 1 కావాలన్న షరతు తన గుణకాన్ని తానే తేల్చుకుంటుంది. మిగిలేది ఇది:

```
p_k = e^(λk) / (e^λ + e^(2λ) + ... + e^(6λ)),   k = 1, ..., 6
```

గుణకం ఎందుకు, రెండు షరతులనూ వాడి రెండు అజ్ఞాతరాశులను తొలగిస్తే సరిపోదా అని అడగవచ్చు. సరిపోతుంది, కానీ సంవర్గమానాలతో చిక్కుపడ్డ నాలుగు సమీకరణాలు, నాలుగు అజ్ఞాతరాశులు మిగులుతాయి. ఏ రెండు ముఖాలను తొలగించాలన్న ఎంపికకు అర్థమూ లేదు, ముఖాలన్నిటికీ ఉన్న సమానత్వమూ పోతుంది. గుణకం దారిలో అజ్ఞాతరాశి ఒక్కటే, λ. సగటు 4.5 కావాలని రాసి, e^λ ను x అంటే, అయిదో ఘాతపు సమీకరణం వస్తుంది:

```
3x^5 + x^4 - x^3 - 3x^2 - 5x - 7 = 0
```

పదాల గుర్తు ఇందులో ఒక్కసారే మారుతుంది. కాబట్టి డెకార్ట్ నియమం ప్రకారం ధనమూలం ఒక్కటే ఉంటుంది. ఇక దాన్ని అంకెలతో పట్టుకోవాలి. న్యూటన్ పద్ధతిలో ఇప్పుడున్న చోట వక్రానికి స్పర్శరేఖ గీసి, అది సున్నాను తాకే చోటికి జరుగుతాం. 1.5 దగ్గర మొదలుపెడితే 1.453139, 1.449279, 1.449254 అని మూడు అడుగుల్లో పని అయిపోతుంది. కానీ 1.5 అని ముందే ఎవరు చెప్పారు? ఏమీ తెలియనివారు సరైన పాచికకు సరిపోయే x = 1 దగ్గర మొదలుపెడతారు. అక్కడ విలువ −12, వాలు 5 మాత్రమే. దాంతో మొదటి అడుగే 3.4కి దూకుతుంది, వెనక్కి రావడానికి మరో ఏడు అడుగులు పడతాయి. 0.5 దగ్గర మొదలుపెడితే ఇంకా ఘోరం: మొదటి అడుగులోనే x దాదాపు −0.9 అవుతుంది. x రుణాత్మకమైతే సగం ముఖాలకు రుణ సంభావ్యతలు వస్తాయి. లెక్క దారి తప్పిందనడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు అక్కర్లేదు.

మందు x లో లేదు, గుణకంలోనే ఉంది. అదే సమీకరణాన్ని λ లోనే ఉంచి, సగటును λ ప్రమేయంగా చూస్తే దాని వాలు ఆ పంపకపు విస్తృతి అవుతుంది. విస్తృతి ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి సగటు పెరుగుతూనే పోతుంది, వాలు ఎక్కడా సున్నా కాదు. λ = 0 దగ్గర సగటు 3.5, విస్తృతి 35/12. మనకు ఇంకా 1 కావాలి, కాబట్టి మొదటి అడుగు 12/35, అంటే 0.342857. అక్కడ సగటు 4.4341, విస్తృతి 2.3751. మిగిలిన 0.0659ని దానితో భాగిస్తే రెండో అడుగులో λ = 0.3706, మూడో అడుగులో 0.37105. ఏ ఊహా లేకుండా, సరైన పాచిక నుంచే బయలుదేరి చేరిపోయాం. ఒకటి నుంచి ఆరు వరకు సంభావ్యతలు 0.0543, 0.0788, 0.1142, 0.1654, 0.2398, 0.3475. ఎంట్రోపీ సరైన పాచికకు 1.7918 ఉండేది, ఇప్పుడు 1.6136. ఆ 0.37105 ఏమిటో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. సగటును 4.5 నుంచి 4.51కి జరిపితే ఎంట్రోపీ దాదాపు 0.0037 తగ్గుతుంది. షరతును ఒక్క వెంట్రుకవాసి బిగించడానికి చెల్లించే ధర అది. లెక్క మళ్లీ చేయకుండానే ఆ ధరను గుణకం చెప్పేస్తుంది.

గుణకాల సమీకరణాలు తీరినంత మాత్రాన అది గరిష్ఠమేనా అన్నది న్యాయమైన అభ్యంతరం. కాకపోవచ్చు. అవి వాలు సున్నా అయిన చోటును మాత్రమే చూపిస్తాయి. ఇక్కడ నమ్మవచ్చు, ఎందుకంటే ఎంట్రోపీ అన్ని వైపులా కిందికి వంగే గుమ్మటంలాంటిది, షరతులు దాన్ని తిన్నగా కోసే తలాలు. గుమ్మటాన్ని ఎలా కోసినా శిఖరం ఒక్కటే. పద్ధతికి హద్దు కూడా ఉంది. సగటు సరిగ్గా 6 అంటే ఆరో ముఖం తప్ప ఏదీ పడకూడదు. ఆ పంపకాన్ని ఏ λ తోనూ అందుకోలేం. సగటు 6కు దగ్గరపడేకొద్దీ విస్తృతి కరిగిపోతుంది, న్యూటన్ అడుగులు అదుపు తప్పవచ్చు. అలాంటప్పుడు ప్రతి అడుగునూ కుదించి, తేడా నిజంగా తగ్గిందో లేదో చూసుకుంటూ వెళ్లాలి.

బలమైన అభ్యంతరం మరొకటి: సగటు ఒక్కటే తెలిస్తే నిజమైన పాచిక ఈ పంపకాన్నే పాటిస్తుందని ఎవరన్నారు? పాటించదు. జ్యూరిక్ ఖగోళశాస్త్రవేత్త రుడాల్ఫ్ వోల్ఫ్ ఒక తెల్ల పాచికను 20,000 సార్లు వేసి లెక్క రాసి ఉంచాడు. సగటు 3.5983. మన పద్ధతి ప్రకారం నాలుగో ముఖం దాదాపు 3,384 సార్లు పడాలి, కానీ పడింది 2,841 సార్లు. కేవలం యాదృచ్ఛికంగా వచ్చే ఒడిదుడుకు 50 చుట్టూ ఉండాల్సిన చోట తేడా 540 దాటింది. మూడో ముఖం కూడా ఇలాగే బాగా తక్కువ పడింది. జేన్స్ దీన్ని సూత్రం ఓటమిగా చూడలేదు, చెప్పని షరతు ఒకటి మిగిలి ఉందన్న సూచనగా చూశాడు. మూడు, నాలుగు ఎదురెదురు ముఖాలు. పాచిక ఆ దిశలో కాస్త పొడవుగా ఉంటే ఆ రెండూ తక్కువ పడతాయి. ఆ రెండూ మిగతావాటితో పోలిస్తే ఎంత వెనుకబడ్డాయన్నదాన్ని రెండో షరతుగా చేర్చి, రెండో గుణకాన్ని తెచ్చి, రెండు అజ్ఞాతరాశులతో అదే లెక్క మళ్లీ చేస్తే, ఆరు ముఖాల్లోనూ తేడా 100 లోపుకు దిగుతుంది. మొదటి గుణకం బరువు ఏ వైపు ఒరిగిందో చెబితే, రెండోది పాచికను ఏ దిశలో సరిగా కోయలేదో చెప్పింది.