18, 36, 216, 108: ఒక్క లెక్కకు నాలుగు జవాబులు, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎట్లా?

ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2ఏలో ప్రస్తారాలు, సంయోగాలు అనే చాప్టర్ ఉంది కదా. చాలామంది దాన్ని "పి నా, సి నా" చాప్టర్ అంటారు. ఈరోజు ఫార్ములా చెప్పడానికి రాలేదు. జవాబు తప్పయినప్పుడు ఆ తప్పును ఎట్లా చదవాలో చూద్దాం. మీ పేపర్ మీరే దిద్దుకున్నా, ఫ్రెండ్ పేపర్ చూసినా, ట్యూషన్‌లో తమ్ముళ్లకు చెప్తున్నా ఇది పనికొస్తుంది.

లెక్క మన దగ్గరిదే తీసుకుందాం. ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి నాలుగు చోట్లు: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, నాగార్జునసాగర్, దేవరకొండ కోట, భువనగిరి కోట. ఉమ్మడి పాలమూరు నుంచి మూడు: పిల్లలమర్రి, కోయిల్‌సాగర్, అలంపురం. మొత్తం ఏడు.

ప్రశ్న ఇది. "నల్గొండ వైపు 2, పాలమూరు వైపు 1 చోటు ఎంచుకుని, ఆ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి చూసి రావాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మారితే అది వేరే ట్రిప్పు. ఇట్లాంటి ట్రిప్పులు ఎన్ని?"

ఈ రకం లెక్క ఇస్తే నాకు మామూలుగా నాలుగు రకాల జవాబులు వస్తాయి. 18, 36, 216, 108. వీటిలో ఒక్కటే రైట్. అయితే మిగతా మూడు తప్పులూ ఒక్కటి కావు. మూడింటికీ ఒకే ఇంటూ మార్కు పెట్టి "పి వాడాలి" అని రాస్తే, రాసినోడికి ఏమీ అర్థం కాదు. పైగా ఇక్కడ ఆ సలహా కూడా తప్పే. ఎందుకో చూడండి.

మొదటి పేపర్ తీద్దాం.

4C2 × 3C1 = 6 × 3 = 18

ఇది ఎందుకు వస్తుందంటే, ప్రశ్నలో "ఎంచుకుని" అనే మాట ఉంది. "ఎంచుకోవడం అంటే సి, అమర్చడం అంటే పి" అని బట్టీ పట్టినోళ్లు ఆ మాట కనబడగానే సి పెట్టేస్తారు. వాక్యం చివర్లో ఉన్న "ఒకదాని తర్వాత ఒకటి" వాళ్ల కంట పడదు. మాటను బట్టి నిర్ణయిస్తే ఇదే గొడవ. ఒకే వాక్యంలో ఎంచుకోవడమూ ఉండొచ్చు, వరుసా ఉండొచ్చు.

ఇది తప్పని ఫార్ములా లేకుండా చూపించాలి. 18లో ఒకటి తీయండి: పానగల్లు, సాగర్, పిల్లలమర్రి. ఈ జవాబులో ఇది ఒక్కసారే లెక్కకొచ్చింది. ఇప్పుడు ఆ మూడింటితో ట్రిప్పులు కాగితం మీద రాయండి.

పానగల్లు, సాగర్, పిల్లలమర్రి
సాగర్, పానగల్లు, పిల్లలమర్రి
పానగల్లు, పిల్లలమర్రి, సాగర్
సాగర్, పిల్లలమర్రి, పానగల్లు
పిల్లలమర్రి, పానగల్లు, సాగర్
పిల్లలమర్రి, సాగర్, పానగల్లు

ఆరు వచ్చాయి. ప్రశ్న ప్రకారం ఆరూ వేర్వేరు. అంటే 18లో ప్రతి ఒక్కటీ నిజానికి ఆరు ట్రిప్పులు. 18 × 6 = 108. దీన్నే నేను తారుమారు టెస్ట్ అంటా. రాసిన జవాబులో ఒకదాన్ని తీసి, అందులో రెండు పేర్లు అటూ ఇటూ మార్చాలి. ప్రశ్న ప్రకారం కొత్తది వచ్చిందా, పాతదే ఉందా? కొత్తది వస్తే, లెక్కలో కూడా అది వేరుగా పడాలి. పడలేదంటే వరుసను వదిలేసినట్టే.

ఇంకో మాట. 18 అనేది గాలిలోంచి ఊడిపడ్డ నంబర్ కాదు. "ఏ మూడు చోట్లకు పోవాలో లిస్టు రాసుకోవడం ఎన్ని రకాలు" అని అడిగితే 18 సరైన జవాబే. అంటే ఈ పిల్లవాడు వేరే ప్రశ్నకు కరెక్ట్‌గా జవాబు రాశాడు. ఆ ప్రశ్న ఏదో చెప్పగలిగితే, తప్పు ఎక్కడుందో దొరికినట్టే.

రెండో పేపర్ దగ్గర చాలామంది మోసపోతారు.

4P2 × 3P1 = 12 × 3 = 36

ఇతనికి వరుస ముఖ్యమని తెలుసు. అందుకే పి వాడాడు. "వరుస ఉంది కాబట్టి పి" అని చెప్పేవాళ్లు దీనికి ఫుల్ మార్కులు వేసేస్తారు కూడా. కానీ 108 రావాలి, 36 వచ్చింది. మూడో వంతే. ఎక్కడ పోయింది?

4P2 ఏం చేస్తుంది? నల్గొండ చోట్లు రెండింటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది చెప్తుంది. 3P1 పాలమూరు చోటు ఏదో చెప్తుంది. కానీ ఆ పాలమూరు చోటు ట్రిప్పులో ఎక్కడ వస్తుంది? మొదటా, మధ్యలోనా, చివరా? దాని గురించి ఈ లెక్కలో ఒక్క ముక్క లేదు. పైన రాసిన ఆరు లైన్లు మళ్లీ చూడండి. పానగల్లు ముందు, సాగర్ తర్వాత ఉన్నవి మూడు. వాటిలో పిల్లలమర్రి ఒకసారి చివర, ఒకసారి మధ్యలో, ఒకసారి మొదట ఉంది. 4P2 × 3P1 ఈ మూడింటినీ ఒకటిగా లెక్కపెట్టింది. అందుకే సరిగ్గా మూడో వంతు వచ్చింది. గుంపు లోపలి వరుస పట్టుకున్నాడు కానీ, రెండు గుంపులు ఒకదాంట్లో ఒకటి కలిసే వరుస వదిలేశాడు.

మరి 36 ఏ ప్రశ్నకు జవాబు? "పాలమూరు చోటు తప్పకుండా చివర్లో చూడాలి" అని షరతు పెడితే 36 కరెక్ట్. ఇతని మనసులో తెలియకుండానే ముందు నల్గొండ తిరిగి, తర్వాత పాలమూరు పోయినట్టు ఒక బొమ్మ ఉంది. ప్రశ్నలో అది లేదు. ఇతనికి "పి వాడు" అని చెప్తే, "వాడాను కదా సార్" అంటాడు. చెప్పాల్సింది వేరే: పాలమూరు చోటుకు మూడు స్థానాలున్నాయి, అది లెక్కలో కలుపు. 36 × 3 = 108. ఎవరైనా 4P2 × 3P1 × 3 అని రాసి, ఆ 3 ఎక్కడిదో ఒక్క లైన్‌లో చెప్తే అది పూర్తిగా రైట్. పుస్తకంలో ఉన్న పద్ధతి కాదని మార్కులు కోయొద్దు.

మూడో పేపర్.

4P2 × 3P1 × 3! = 36 × 6 = 216

ఇతను "వరుస అంటే 3! పెట్టాలి" అని గుర్తుపెట్టుకున్నాడు. పి కూడా పెట్టాడు. కానీ నల్గొండ చోట్ల వరుస 4P2లో ఒకసారి వచ్చేసింది. మళ్లీ 3!లో ఇంకోసారి వచ్చింది. అందుకే ప్రతి ట్రిప్పూ రెండుసార్లు లెక్కకొచ్చి, 108కి రెట్టింపు అయింది.

దీన్ని పట్టుకోవడం చాలా ఈజీ. షరతు ఏమీ లేకుండా ఏడింటిలో ఏ మూడైనా వరుసగా చూస్తే ఎన్ని ట్రిప్పులు?

7P3 = 7 × 6 × 5 = 210

షరతు పెట్టాక అంతకంటే ఎక్కువ ఎట్లా వస్తుంది? 216 చూడగానే ఇంకేమీ చదవక్కర్లేదు, తప్పే. 18 కూ 36 కూ ఏదో ఒక ప్రశ్న దొరికింది కానీ, 216కి ఈ ఏడు చోట్లలో మూడు చూసే ట్రిప్పుల ప్రశ్న ఏదీ దొరకదు.

ఇక నాలుగో పేపర్: 4C2 × 3C1 × 3! = 108. ముందు మూడింటిని వరుస లేకుండా ఎంచుకున్నాడు, తర్వాత మూడింటినీ కలిపి ఒక్కసారే వరుసలో పెట్టాడు. వరుస ఒక్కసారి, ఒక్క చోటే లెక్కకొచ్చింది. ఇదీ అసలు సంగతి. సి కనబడింది కదా అని దీన్ని తప్పనుకుని కొట్టేసేవాళ్లు కూడా ఉంటారు. వెనక 3! ఉందా లేదా చూడకుండా పెన్ను పెట్టకండి.

108 నిజంగా రైటేనా అని ఒకసారి సరిచూద్దాం. మూడు చోట్ల ట్రిప్పులో నల్గొండవి 3, 2, 1 లేదా 0 ఉండొచ్చు. అన్నీ కూడితే 210 రావాలి.

24 + 108 + 72 + 6 = 210

వచ్చింది. ఇప్పుడు రెండో పేపర్ పద్ధతిలో, అంటే పి ఇంటూ పితో చేస్తే 24 + 36 + 24 + 6 = 90. 120 ట్రిప్పులు మాయం. ఏ టీచర్ చెప్పకపోయినా, తప్పుందని మీకే తెలిసిపోతుంది.

మార్కుల సంగతికొద్దాం. ఇది 4 మార్కుల ప్రశ్న అనుకుందాం. బోర్డు పద్ధతి కాదు, నేను క్లాసులో దిద్దేది చెప్తున్నా. 18 రాసినోడికి 2 వేస్తా, ఎంపిక మొత్తం సరిగ్గా చేశాడు. 36 రాసినోడికీ 2 వేస్తా. మార్కు ఒకటే అయినా పక్కన రాసే మాట వేరు. మొదటి పేపర్ మీద "ఈ మూడింటితో ట్రిప్పులన్నీ రాయి" అని రాస్తా. రెండో దాని మీద "పిల్లలమర్రి మధ్యలో వచ్చే ట్రిప్పు నీ లెక్కలో ఉందా?" అని రాస్తా. 216 మీద "షరతు లేకుండా మొత్తం ఎన్ని?" అని రాసి వదిలేస్తా. ఈఏపీసెట్ లాంటి పరీక్షలో ఈ పక్కన రాసేవాళ్లు ఉండరు. నాలుగు ఆప్షన్లలో 18, 36, 216 ఉంటే, తప్పు చేసినోడికి కూడా తన జవాబు అక్కడ కనబడి ధైర్యం వస్తుంది. అందుకే ఈ ప్రశ్నలు ముందే మీకు మీరు వేసుకోవాలి.

చివరగా ఒక జాగ్రత్త. వరుస ఉన్న కథలో సి కనబడితే ప్రతిసారీ తప్పు కాదు. ఏడు పేర్లు చిట్టీల మీద రాసి, ఒకదాని తర్వాత ఒకటి మూడు తీశాం. 2 నల్గొండవి, 1 పాలమూరుది వచ్చే సంభావ్యత ఎంత? ఒకరు వరుసతో 108/210 అంటారు. ఇంకొకరు వరుస లేకుండా 18/35 అంటారు. రెండూ ఒకటే, ఎందుకంటే పైనా కిందా రెండింట్లోనూ అదే 6 పోయింది. కానీ పైన వరుస లేకుండా, కింద వరుసతో 18/210 రాస్తే మాత్రం తప్పు. సంభావ్యతలో చూడాల్సింది పి నా, సి నా అని కాదు. పైనా కిందా ఒకే లెక్క వాడారా అని.

పోయే ముందు ఒక లెక్క ఇచ్చి పోతా. ఇప్పుడు నల్గొండవి 2, పాలమూరువి 2, మొత్తం నాలుగు చోట్లు, ఏ వరుసలోనైనా. మీ ఫ్రెండ్ 4P2 × 3P2 = 72 అని రాశాడు. రైట్ ఆన్సర్ 432. ఆన్సర్ నేనే చెప్పేశా, అది అడగట్లేదు. 72 ఏ ప్రశ్నకు సరైన జవాబు? మిగిలిన 6 రెట్లు ఎక్కడ పోయాయి? మీ ఫ్రెండ్ పేపర్ పక్కన మీరు ఏ ఒక్క లైన్ రాస్తారు? అది రాసుకుని రండి, వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలుపెడదాం.